ఎప్పుడు ఆపాలో ముందే రాసివ్వండి

"సార్, మనం కూడా రీల్స్ మొదలుపెడదాం" అని మీరు మేనేజర్‌ను అడిగితే "చూద్దాంలే" అన్న జవాబే వస్తుంది. ఆ మాట విని చాలామంది నిరుత్సాహపడతారు. మా సార్‌కు కొత్త సంగతులు పట్టవు అని తీర్మానించేస్తారు. నిజానికి ఆయన మనసులో మూడు ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఎంత ఖర్చవుతుంది? దీనివల్ల ఎవరి పని దెబ్బతింటుంది? ఇది ఎప్పుడు, ఎలా ఆగుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు అందరూ రాస్తారు. రెండోది కొందరే రాస్తారు. మూడోదాని జోలికి దాదాపు ఎవరూ పోరు. మేనేజర్‌ను ఎక్కువగా వెనక్కు లాగేది ఆ మూడోదే. ఒకసారి సరే అంటే ఏళ్ల తరబడి సాగిపోయి, ఎవరూ ఆపలేని పనులు ప్రతి ఆఫీసులోనూ ఒకటి రెండు ఉంటాయి. ఆ జాబితాలో ఇంకొకటి చేర్చడం ఆయనకు ఇష్టముండదు.

అందుకే రెండు నెలల షార్ట్ వీడియోల ప్రయోగానికి అనుమతి అడిగేటప్పుడు, ఎలా మొదలుపెడతారో రాసిన కాగితం మీదే ఏ అంకె వస్తే ఆపేస్తారో కూడా రాయండి. ఆ అంకె ఊరికే ఊహించి వేసింది కాకుండా కంపెనీ సొంత ఖర్చుల్లోంచి పుట్టాలి. అదెలా పుడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

గుంటూరులో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక మధ్యతరహా కంపెనీ ఉందనుకోండి. ఒంగోలులో ఒక బ్రాంచి. మార్కెటింగ్ పని అంతా ఒక్క అమ్మాయే చూసుకుంటుంది. ఆమె పైన సేల్స్ మేనేజర్. ఈ వ్యాపారానికి షార్ట్ వీడియో బాగా నప్పుతుంది. ఎందుకంటే కొనేవాళ్లకు సందేహాలు చాలా ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకం ప్రకటించాక ఇవి ఇంకా పెరిగాయి. పథకం పేరులోనే 'ముఫ్త్ బిజిలీ' అని ఉంది కాబట్టి ప్యానెళ్లు కూడా ఉచితంగా ఇస్తారనుకుని ఫోన్ చేసేవాళ్లు బోలెడు. మంచిదే, చెప్పడానికి విషయం ఉంది. కానీ మేనేజర్‌ను ఒప్పించడానికి అంతమాత్రం చాలదు.

ఆ అమ్మాయి ముందుగా చేయాల్సిన పని కెమెరా కొనడం కాదు, పాత లెక్కలు బయటికి తీయడం. ప్రస్తుతం ఒక గిరాకీ కోసం ఎంత ఖర్చవుతోంది? పోయినేడు నవంబరు, డిసెంబరుల్లో కంపెనీ నెలకు 60,000 రూపాయలు ఫేస్‌బుక్ ప్రకటనల మీద పెట్టిందనుకుందాం. వాటి ద్వారా నెలకు 40 ఇళ్లకు మనిషి వెళ్లి డాబా కొలిచి వచ్చాడు. అంటే ఒక సర్వేకు 1,500 రూపాయలు. మిగతా అన్ని వాదనల కన్నా ఈ ఒక్క అంకె బలమైనది. వీడియోలు ఈ 1,500తో పోటీ పడాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. అదే 60,000కు మే నెలలో 70 సర్వేల దాకా వచ్చి ఉండొచ్చు. ఎండాకాలంలో ఏసీలు తిరిగి కరెంటు బిల్లు చేతికొచ్చినప్పుడు సోలార్ మీదికి ధ్యాస దానంతటదే మళ్లుతుంది. మేలో ప్రయోగం పెట్టి, డిసెంబరు అంకెతో పోల్చి చూపిస్తే వీడియోలు అద్భుతాలు చేసినట్టు కనిపిస్తాయి. అనుభవమున్న మేనేజర్ ఒక్క ప్రశ్నతో ఆ లెక్కను కూల్చేస్తారు. కాబట్టి ఏ నెలల్లో ప్రయోగం చేస్తారో పోయినేడు అవే నెలల అంకె తీసుకోవాలి. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఆషాఢంలో ఆగిన పనులు శ్రావణంలో ఊపందుకుంటాయి, అధికమాసం వచ్చిన ఏడు ఆ ఊపు కొన్ని వారాలు వెనక్కు జరుగుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి నిజ శ్రావణం ఆగస్టు మధ్యకు జరిగింది. ఇంగ్లిష్ తేదీలు మాత్రమే చూసి జూలైని జూలైతో పోల్చేవాళ్లు అలాంటి ఏడు తప్పుదారి పడతారు. మన ఉదాహరణలో అమ్మాయి నవంబరు మొదటి సోమవారం మొదలుపెట్టాలనుకుంది. బిల్లులు తక్కువగా వచ్చే కాలం అది. అప్పుడు నెగ్గితే అది గట్టి గెలుపే. పైగా సంక్రాంతి సెలవులకు ముందే లెక్క తేలిపోతుంది.

ఇక దేన్ని కొలవాలి అన్న మాట. "నెలకు రెండు లక్షల వ్యూస్ తెస్తాను" అని రాస్తే ప్రతిపాదన అక్కడే పలచబడిపోతుంది. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ వ్యూస్ లెక్కించే తీరు మార్చింది. వీడియో మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్న నిమిత్తం లేకుండా ఒక వ్యూ పడుతుంది. మళ్లీ మొదటినుంచి తిరిగితే ఇంకొకటి పడుతుంది. బొటనవేలితో పైకి తోసేసే ముందు అరక్షణం కనబడినా వ్యూయే అన్నమాట. పాత పద్ధతి అంకె కూడా యూట్యూబ్ అనలిటిక్స్‌లో `Engaged views` పేరుతో కనిపిస్తుంది, మీ పనికి అది కాస్త నయం. ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. ఇవన్నీ వీడియో బాగు చేసుకోవడానికి మీకు కావలసిన అంకెలు. మేనేజర్ డబ్బు మంజూరు చేయడానికి కావలసిన అంకె వేరు.

అయితే అమ్మకాలనే కొలుద్దామా? వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ రెండు నెలల ప్రయోగానికి అది ఉరితాడు. సోలార్ కొనేవాళ్లు మొదటి ఫోన్‌కూ అడ్వాన్సుకూ మధ్య నెల, నెలన్నర తీసుకుంటారు. ఇంట్లో మాట్లాడుకోవాలి, బ్యాంకు లోన్ చూసుకోవాలి, పక్కింటాయన్ను అడగాలి. ఏడో వారం వీడియో చూసి ఫోన్ చేసిన మనిషి కొనేది ప్రయోగం ముగిశాకే. ఆర్డర్లు లెక్కపెడితే మీరు తెచ్చినవాటిలో సగం మీ ఖాతాలో పడకముందే పుస్తకం మూసేస్తారు. అందుకే రెండు నెలల్లోపు పండే కొలతనే ఎంచుకోవాలి. అలాగని మరీ ముందరి మెట్టూ పనికిరాదు. "ధర ఎంత?" అని వాట్సాప్‌లో అడిగినవాళ్లందరినీ లెక్కిస్తే అది మళ్లీ వ్యూస్ లాంటిదే.

ఈ వ్యాపారంలో సరిగ్గా మధ్యన ఒక మెట్టు ఉంది, సైట్ సర్వే. మనిషి ఇంటికి వెళ్లి డాబా ఎక్కుతాడు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు దొరుకుతుందా అని టేపు పట్టి చూస్తాడు. నీళ్ల ట్యాంకు నీడ, పక్క అపార్ట్‌మెంట్ నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో గుర్తు వేసుకుంటాడు. కరెంటు బిల్లు అడిగి శాంక్షన్డ్ లోడ్ ఎంతో రాసుకుంటాడు. డాబా తాళం తీసి, బిల్లు చేతిలో పెట్టిన ఇంటివాళ్లు ఊసుపోక అడిగినవాళ్లు కారు. మొదటి ఫోన్ నుంచి సర్వేకు వారం, పది రోజులకు మించి పట్టదు. కంపెనీ పాత లెక్కల్లో అయిదు సర్వేలకు ఒక ఆర్డరు వస్తోందని తేలితే, సర్వేల అంకె చూసి మేనేజర్ ఆర్డర్ల అంచనా తానే వేసుకోగలరు. మీ వ్యాపారం ఏదైనా ఇలాంటి మెట్టు ఒకటి ఉంటుంది. గిరాకీ తన సమయమో సమాచారమో ఇచ్చే చోటు ఎక్కడుందో వెతకండి. బుక్ అయిన సర్వేలు లెక్కపెట్టకండి, జరిగినవే లెక్కపెట్టండి. బుక్ చేసి ఫోన్ ఎత్తనివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఆ సర్వే వీడియో వల్లే వచ్చిందని ఎలా తెలుస్తుంది? ప్రతిపాదనలు ఎక్కువగా కుంటుపడేది ఇక్కడే. "వీడియో కింద లింకు పెడతాం, ఎంతమంది నొక్కారో చూస్తాం" అని రాసేస్తారు. యూట్యూబ్ షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే పనిచేయవు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ కింద రాసే క్యాప్షన్‌లోనూ అంతే. ప్రొఫైల్‌లో పెట్టిన లింకు ఒక్కటే పనిచేస్తుంది. పనిచేయని లింకు మీద కొలత కట్టిన ప్రతిపాదన రెండో వారంలోనే బయటపడిపోతుంది.

మన అమ్మాయి చేసింది సాదాసీదా పని. ఒక కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్‌లో పెట్టింది. ఆ నంబరు వీడియోల్లో తప్ప పాంప్లెట్ మీద గానీ బోర్డు మీద గానీ ఇంకెక్కడా ఉండదు. ప్రతి వీడియో చివరి అయిదు సెకన్లు ఆ నంబరు తెర మీద పెద్ద అక్షరాల్లో నిలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లోనూ యూట్యూబ్ ఛానల్ పేజీలోనూ వేర్వేరు లింకులు పెట్టింది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Reel
https://wa.me/91XXXXXXXXXX?text=Shorts
```

లింకు నొక్కినవాళ్ల వాట్సాప్‌లో ఆ ఒక్క మాట ముందే టైపై ఉంటుంది. వాళ్లు పంపగానే ఎక్కడినుంచి వచ్చారో తెలిసిపోతుంది.

అయినా ఇది సగమే పట్టుకుంటుంది. వీడియో చూసిన పెద్దాయన ఆ నంబరు వదిలేసి నేరుగా ఆఫీసుకు వచ్చేయొచ్చు, లేదా పాత నంబరుకే ఫోన్ చేయొచ్చు. అందుకని రిజిస్టర్‌లో ఒక కొత్త గడి కావాలి: "మా గురించి ఎలా తెలిసింది?" ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే మనిషి ప్రతి ఒక్కరినీ అడిగి రాయాలి. ఈ గడిని ప్రయోగానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. లేకపోతే ముందు సంగతి తెలియక, వచ్చిన ప్రతి మార్పూ వీడియోల ఘనతే అనిపిస్తుంది. గడి సరిగ్గా నిండుతోందా అన్నది శుక్రవారం సాయంత్రం చూసుకోవాలి. పదిలో ఒకటికి మించి ఖాళీలుంటే ఆ వారం కొలత చెడినట్టే. దాన్ని వెంటనే మేనేజర్‌కు చెప్పాలి, ఆఖర్న కాదు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. వీడియో తీయడం చేతకాక ఆగిపోయిన ప్రయోగాల కన్నా, ఈ గడి నింపేవాళ్లు లేక ఏమీ తేలకుండా పోయిన ప్రయోగాలే ఎక్కువ. ఫ్రంట్ ఆఫీసు మనిషితో మాట్లాడి ఒప్పించిన తర్వాతే మేనేజర్ దగ్గరికి వెళ్లండి.

ఇక ఖర్చు. వారానికి మూడు చొప్పున ఎనిమిది వారాలకు 24 వీడియోలు. కాలర్ మైకు, ట్రైపాడ్‌కు 5,000. బయటి ఎడిటర్‌కు వీడియోకు 600 చొప్పున 14,400. బాగా నడిచిన వీడియోలను డబ్బిచ్చి బూస్ట్ చేయడానికి 20,000. చిల్లర ఖర్చులకు 2,600. మొత్తం 42,000. ఇక్కడితో ఆపేస్తే లెక్క తప్పు. అమ్మాయి వారానికి 12 గంటలు దీని మీద పెడుతుంది. ఎనిమిది వారాలకు 96 గంటలు. ఆమె జీతాన్ని గంటకు 250గా వేస్తే 24,000. రెండూ కలిపి 66,000 రూపాయలు. జీతం ఎలాగూ ఇస్తున్నదే కదా, లెక్కెందుకు అనిపిస్తుంది. కానీ మేనేజర్ మనసులో ఆ గంటల లెక్క ఉండనే ఉంటుంది. మీరు రాయకపోతే దాచినట్టు అనిపిస్తుంది. మీరే రాస్తే, కాగితం మీది మిగతా అంకెలను కూడా ఆయన నమ్ముతారు.

66,000ను 1,500తో భాగిస్తే 44. ఇదీ మనకు కావలసిన అంకె. వీడియోల దారిలో 44 సర్వేలు జరిగితే, ఇప్పుడున్న ప్రకటనల ఖర్చుకు సమానంగా వచ్చినట్టు. 22 దగ్గర ఆగితే ఒక్కో సర్వేకు 3,000, అంటే ఇప్పటికి రెట్టింపు. కాబట్టి 44 దాటితే కొనసాగింపుకు అడుగుతుంది. 22 కన్నా తక్కువైతే ఆపేస్తుంది. మధ్యలో పడితే? ఆ మధ్య జాగా గురించి కూడా ముందే రాయాలి, ఎందుకంటే ఫలితాలు సాధారణంగా అక్కడే పడతాయి. మన అమ్మాయి ఇలా రాసింది: మధ్యలో వస్తే బూస్ట్ డబ్బు అడగను, వారానికి ఒక్క వీడియోతో ఇంకో నెల మాత్రమే నడిపి, అప్పటికీ సర్వే ఖర్చు 1,500కు దిగకపోతే ఆపేస్తాను. వీడియోలు వేయడం ఎనిమిది వారాలే అయినా సర్వేల లెక్క పదో వారం చివరిదాకా తీసుకుంటుంది. చివరి వీడియోలు చూసినవాళ్ల ఇంటికి మనిషి వెళ్లడానికి ఆ రెండు వారాలు కావాలి.

ఇంకో మెలిక ఉంది. పాంప్లెట్ చూసి ఎలాగూ ఫోన్ చేయబోయేవాళ్లే, మధ్యలో వీడియో కనబడితే ఆ నంబరుకు మెసేజ్ పెడతారు. వీడియో ఖాతాలో 44 పడతాయి, పాంప్లెట్ ఖాతాలో అన్నీ తగ్గుతాయి. కంపెనీకి ఒరిగింది శూన్యం. అందుకని అన్ని దారుల మొత్తం కూడా చూడాలి. పోయినేడు అవే పది వారాల్లో మొత్తం 140 సర్వేలు జరిగాయనుకుంటే, ఈసారి కనీసం 162 ఉండాలి. వీడియో ఖాతాలో చెప్పుకునే 44లో సగమైనా కొత్తవి అయ్యుండాలని దాని అర్థం. ఫేస్‌బుక్ ప్రకటనల ఖర్చు ఈ పది వారాలూ మార్చకూడదు, మారిస్తే ఈ పోలిక పాడవుతుంది. బూస్ట్ డబ్బును గుంటూరు చుట్టుపక్కలకే పరిమితం చేసి ఒంగోలును వదిలేస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. మామూలుగా పెట్టిన వీడియో ఏ ఊళ్లో కనబడాలో మన చేతిలో ఉండదు గానీ, డబ్బిచ్చి చూపించేదాన్ని ఊరి మేరకు కట్టేయొచ్చు. గుంటూరులో సర్వేలు పెరిగి ఒంగోలులో పెరగకపోతే బూస్ట్ డబ్బు పనిచేసిందనడానికి ఆధారం ఉన్నట్టు. రెండుచోట్లా ఒకేలా పెరిగితే కారణం ఇంకేదో కావొచ్చు.

వీడియోల్లో ఏం చెబుతారన్నది కాగితం మీద నాలుగు వాక్యాలకు మించి అక్కర్లేదు. కానీ ఒక వీడియో స్క్రిప్టు మాత్రం పూర్తిగా జత చేయండి. మేనేజర్ భయం అక్కడే తీరుతుంది. ఆ అమ్మాయి ఎంచుకున్నది రోజూ ఫోన్‌లో వచ్చే ప్రశ్నే. బిగించే కుర్రాడు డాబా మీద నిలబడి మొదటి మాటే ఇలా అంటాడు: "సబ్సిడీ 78 వేలు మాకు రాదండీ, మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది." తర్వాత 30 సెకన్లలో వివరం. కిలోవాట్‌కు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడో కిలోవాట్‌కు 18,000. అక్కడితో 78,000, ఆపైన పెంచుకున్నా సబ్సిడీ పెరగదు. ముందు మీరు కట్టాలి లేదా లోన్ తీసుకోవాలి. మీటరు బిగించి కరెంటు మొదలయ్యాక సబ్సిడీ వస్తుంది. ఆఖర్న నంబరు. నమస్కారం అండీ, మా ఛానల్‌కు స్వాగతం అంటూ మొదలుపెడితే ఆ మూడు సెకన్లలోనే సగంమంది వెళ్లిపోతారు. ప్రశ్నకు జవాబుతోనే మొదలుకావాలి.

స్క్రిప్టు కింద రెండు హద్దులు రాసింది. 'ఉచితం', 'జీరో బిల్లు' అన్న మాటలు ఏ వీడియోలోనూ ఉండవు, ఎందుకంటే ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి బిల్లులో మిగులుతాయి, మాట తప్పామన్న గొడవ చివరికి సేల్స్ వాళ్ల మీద పడుతుంది. సినిమా పాటలు వాడరు. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు పాటల భండారం మొత్తం తెరిచి ఉండదు, హక్కుల్లేని పాట పెడితే వీడియో మూగబోవచ్చు లేదా తీసేయొచ్చు. డాబా మీది గాలి చప్పుడు, డ్రిల్లింగ్ మోత చాలు, అవే నమ్మకం కలిగిస్తాయి.

ఇంత ఆలోచించాక మెయిల్ పెద్దదవుతుందనుకోకండి. ఇలా ఉంటే చాలు:

"సార్, నవంబరు మొదటి సోమవారం నుంచి ఎనిమిది వారాలు, వారానికి మూడు షార్ట్ వీడియోలు పెట్టడానికి మీ అనుమతి కోరుతున్నాను. చేతి ఖర్చు 42,000, నా సమయం విలువతో కలిపి 66,000. ఇప్పుడు మనకు ఒక సర్వేకు 1,500 పడుతోంది. అదే ధరకు రావాలంటే వీడియోల ద్వారా 44 సర్వేలు జరగాలి. పదో వారం చివర 44 దాటితే, మొత్తం సర్వేలు 162 దాటితే కొనసాగింపు అడుగుతాను. 22 కన్నా తక్కువైతే ఆపేస్తాను, పొడిగింపు అడగను. మధ్యలో ఉంటే ఏం చేస్తానో, మొదటి వీడియో స్క్రిప్టుతో పాటు జతచేశాను. వచ్చిన ఎంక్వయిరీలకు తిరిగి ఫోన్ చేయడంలో ఇప్పుడున్న గంట గడువు రెండు వారాలు వరసగా తప్పితే, నేనే షూటింగ్ ఆపి మీకు చెబుతాను. మీ నుంచి కావలసినవి రెండు: బిగించే టీం నుంచి వారానికి రెండు గంటలు, సబ్సిడీ విషయాలు రాసిన ప్రతి స్క్రిప్టును ఒక్క రోజులో చూసి పంపే ఒక మనిషి."

ఇందులో గంట గడువు గురించిన వాక్యం చూడండి. షూటింగ్ సరదాలో పడి వచ్చిన గిరాకీలకు ఫోన్ చేయడం మరచిపోతారేమో అన్నది మేనేజర్ రెండో ప్రశ్న. ఆయన అడగకముందే జవాబు చెప్పేశారు. ఒక్క రోజులో స్క్రిప్టు చూసే మనిషిని అడగడం కూడా అంతే ముఖ్యం. ఇద్దరు ముగ్గురు చూడాలని పెట్టుకుంటే వారానికి మూడు వీడియోలు కాస్తా ఒకటికి పడిపోతాయి. అప్పుడు విఫలమైంది వీడియోనా, ఆమోదాల ఆలస్యమా అన్నది తేలదు.

ఇది చదివి మేనేజర్ "ముందు ఒక్క నెల చేసి చూడమ్మా" అనవచ్చు. బేరానికి ఒప్పుకోండి, కానీ నెలలు తగ్గించనివ్వకండి. మొదటి రెండు వారాలు చేయి తిరగడానికే పోతాయి. ఆఖరి రెండు వారాల గిరాకీ సర్వే దాకా రావడానికి ఇంకా టైం కావాలి. నెలలో మిగిలేదేమీ లేదు. "సార్, వీడియోలు వారానికి రెండుకు తగ్గిస్తాను, బూస్ట్ సగం చేస్తాను, గడువు మాత్రం ఉంచండి" అనండి. ఖర్చు తగ్గితే 44 కూడా తగ్గుతుంది, అక్కడికక్కడే మళ్లీ భాగించి చూపండి. వీడియోలు 16 అయితే ఎడిటింగ్ 9,600, బూస్ట్ 10,000, మీ గంటలు వారానికి ఎనిమిదే, అంటే 16,000. మైకు, చిల్లర ఖర్చులతో కలిపి 43,200 అవుతుంది. కావలసిన సర్వేలు 29. ఆయన ముందు కూర్చుని అంకెలు కదిలించగలిగితే సంభాషణ వద్దా కావాలా దగ్గర ఆగదు, ఎంతకు చేద్దాం అన్న దగ్గరికి వస్తుంది.

ఒకవేళ ఆయన "కనీసం లక్ష వ్యూస్ అయినా రావాలి కదా" అంటే, ఆ లక్ష్యాన్ని కాగితం మీదికి రానివ్వకండి. వస్తే మీరు తెలియకుండానే వ్యూస్ తెచ్చే వీడియోల వైపు జారిపోతారు, సోలార్ పోయి డాబా మీద కోతులు వస్తాయి. వ్యూస్ ప్రతి వారం పంపుతానని చెప్పండి, నిర్ణయం మాత్రం సర్వేల మీదే అని మర్యాదగా నిలబడండి.

నాలుగో వారం చివర ఒకసారి ఆగి చూసుకోవాలి. అప్పటికి సర్వేల అంకె చిన్నదిగా ఉంటుంది. ఆరో తొమ్మిదో వచ్చి ఉంటే కంగారు పడనక్కర్లేదు. చూడాల్సింది వేరే. ఏ ప్రశ్నల వీడియోలకు మెసేజ్‌లు వచ్చాయి, ఎక్కడ జనం తోసేసి పోతున్నారు. ఒక్కటే మార్చండి, మొదటి వాక్యమో, మాట్లాడే మనిషో. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. సున్నా వస్తే మాత్రం వీడియో కన్నా ముందు నంబరు అనుమానించండి. సిమ్ ఉన్న ఫోన్ ఎవరి జేబులో ఉంది, ఆదివారం ఎవరు చూస్తున్నారు అన్నది కనుక్కోండి.

ఈ మధ్యలోనే ఒక వీడియో అనుకోకుండా లక్షల మందికి వెళ్లొచ్చు. హైదరాబాద్, బెంగళూరు, బళ్లారి నుంచి మెసేజ్‌లు కుప్పలు పడతాయి. మీరు వెళ్లి బిగించలేని ఊళ్లవి ఎన్నున్నా లెక్కలోకి రావు. అలాగని బయటి మెసేజ్‌లన్నీ తీసేయకండి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన మెసేజ్ తెనాలిలోని అమ్మానాన్నల ఇంటి కోసం కావొచ్చు. ఈ వ్యాపారంలో అలాంటి గిరాకీ చాలా గట్టిది, నిర్ణయం తీసుకునేదీ డబ్బు పంపేదీ ఒకే మనిషి. అందుకని రిజిస్టర్‌లో ఫోన్ చేసిన మనిషి ఊరు కాకుండా డాబా ఉన్న ఊరు రాయించండి.

పదో వారం శుక్రవారానికి మీటింగ్ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టించండి, అనుమతి వచ్చిన రోజే. ఆ రోజు తీసుకెళ్లాల్సిన కాగితం ఒక్కటే. మొదటి మెయిల్ ప్రింటు తీసి, ప్రతి అంకె పక్కన అసలు వచ్చిన అంకె పెన్నుతో రాయండి. 44 పక్కన 31 ఉంటే 31 అనే రాయండి, పక్కనే ఒక్కో సర్వేకు ఎంత పడిందో, 2,129 అని. మధ్యలో వస్తే ఏం చేస్తారో ముందే రాసి ఉంది కాబట్టి, ఆ మీటింగ్ పావుగంటలో అయిపోతుంది.